పెళ్లికి ముందు ఎల్‌డీఎల్ 212: గోలీలు ఇప్పుడా, పిల్లలు పుట్టాకా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. మాది చండూరు దగ్గర ఊరు, నల్గొండలో ప్రైవేటు బ్యాంకులో పని చేస్తున్నాను. ఆఫీసులో అందరికీ చేసిన హెల్త్ చెకప్‌లో నాకు మొత్తం కొలెస్ట్రాల్ 287, హెచ్‌డీఎల్ 46, ట్రైగ్లిజరైడ్లు 145, ఎల్‌డీఎల్ 212 వచ్చాయి. షుగర్, బీపీ లేవు, ఈసీజీ నార్మల్, బరువు 51 కిలోలు. నల్గొండలో ఫిజీషియన్ రోసువాస్టాటిన్ 20 రాశారు. ఊళ్లో మమ్మల్ని ఎప్పటినుంచో చూసే డాక్టర్ మాత్రం "ఇంత సన్నగా ఉన్నావు, ఈ వయసులో ఆ గోలీలెందుకు, నూనె తగ్గించు చాలు" అన్నారు. మాఘమాసంలో నా పెళ్లి, మా చిన్న మామయ్య కొడుకుతోనే. ఇప్పుడు గోలీలు మొదలుపెడితే రేపు పిల్లలకు ఇబ్బంది అవుతుందని, అత్తయ్య వాళ్లకు తెలిస్తే బాగుండదని అమ్మ భయం. అమ్మకు 51 ఏళ్లకు స్టెంట్ పడింది, ఇప్పుడు బాగానే ఉంది. పెద్ద మామయ్య 43 ఏళ్లకే పొలంలో పడిపోయి చనిపోయారు, గుండెపోటు అన్నారు. గోలీలు ఇప్పుడే వేసుకోవాలా, ఇద్దరు పిల్లలు పుట్టాక వేసుకోవచ్చా?

సమాధానం: మీరు చివర్లో రాసిన రెండు మాటల దగ్గర మొదలుపెడతాను చెల్లెమ్మా. అమ్మకు 51కి స్టెంట్, పెద్ద మామయ్యకు 43కి గుండెపోటు. ఇవి లేకపోయినా, చెడు కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ 212 అంటే చిన్న అంకె కాదు, కానీ ఇవి పక్కన ఉన్నప్పుడు ఇది తిండి వల్ల, బరువు వల్ల వచ్చిందా అని అడిగే ముందు పుట్టుకతోనే వచ్చిందా అని అడగాలి. అలా వంశంలో నడిచే ఎక్కువ కొలెస్ట్రాల్‌ని ఫెమిలియల్ హైపర్‌కొలెస్టెరోలేమియా అంటారు, పొట్టిగా ఎఫ్‌హెచ్ అంటారు. ఇది సుమారు 250 నుంచి 300 మందిలో ఒకరికి ఉంటుంది, అంటే ఓ మోస్తరు పెద్ద ఊళ్లో పది మందికైనా ఉంటుంది, అందులో చాలామందికి గుండెపోటు వచ్చేదాకా ఆ సంగతే తెలియదు.

లోపల జరిగేది ఇది. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ని కాలేయం తన మీదుండే రిసెప్టర్లతో పట్టుకుని లోపలికి లాక్కుంటుంది. ఆ రిసెప్టర్ని కనిపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు డాక్టర్లకు 1985లో నోబెల్ ఇచ్చారు, వాళ్లు దాన్ని పట్టుకున్నది కూడా ఇలాంటి కుటుంబాల పిల్లల మీద పరిశోధన చేస్తూనే. రిసెప్టర్ తయారు చేసే జన్యువు మనకు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. అందులో ఒకటి పాడైనదైతే కాలేయం మీద పనికొచ్చే రిసెప్టర్లు సగమే ఉంటాయి, ఎల్‌డీఎల్ రక్తంలోనే ఉండిపోయి పుట్టినప్పటి నుంచీ దాదాపు రెట్టింపు అంకె నడుస్తుంది. సన్నగా ఉన్నారా లావుగా ఉన్నారా అన్నదానితో దీనికి పెద్దగా సంబంధం లేదు. మీ ఊరి డాక్టర్ గారు చెప్పిన మాట మామూలు మనిషికి, 140 వచ్చినవాళ్లకి, సరైన మాటే. ఎఫ్‌హెచ్ ఉన్నవాళ్లు ఎంత నిష్ఠగా తిండి మార్చుకున్నా ఎల్‌డీఎల్ పది పదిహేను శాతానికి మించి దిగడం అరుదు, అంటే మీ 212 కాస్తా 180, 190 దగ్గర ఆగుతుంది.

ఈసీజీ గురించి కూడా ఒక మాట, ఎందుకంటే దాన్ని చూసి ఇంట్లో అందరూ నిశ్చింతగా ఉండే ప్రమాదం ఉంది. ఈసీజీ ఆ నిమిషంలో గుండె ఎలా కొట్టుకుంటోందో చూపిస్తుంది, పాత దెబ్బ ఏదైనా తగిలి ఉంటే కొన్నిసార్లు చూపిస్తుంది. రక్తనాళం గోడలో కొవ్వు పేరుకోవడం మొదలైందా లేదా అన్నది అందులో కనపడదు. 26 ఏళ్ల వయసులో అది నార్మల్ రావడం మామూలే, దాన్ని బట్టి 212ని పక్కన పెట్టలేం.

ఇక చేయాల్సిన పనులు. గోలీ వేసుకోవాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి రెండు మూడు వారాలు తీసుకున్నా మీకు నష్టం ఏమీ లేదు, ఆ వారాల్లో ఈ అంకె నిజమేనా, ఇంకేదైనా కారణం ఉందా అన్నది చూసుకోవాలి. అన్నిటికంటే ముందు టీఎస్‌హెచ్. మీ చెకప్‌లో థైరాయిడ్ చేసినట్టు రాయలేదు. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే కాలేయం మీద అవే రిసెప్టర్లు తగ్గిపోయి ఎల్‌డీఎల్ బాగా పెరుగుతుంది, ఆడవాళ్లలో ఇది చాలా మామూలు. అదే కారణమైతే థైరాయిడ్ గోలీతో రెండు మూడు నెలల్లో ఎల్‌డీఎల్ దానంతటదే దిగొచ్చు, పైగా థైరాయిడ్ సరిచేయకుండా మీకు రాసిన రోసువాస్టాటిన్ లాంటి స్టాటిన్ గోలీ వేసుకుంటే కండరాల నొప్పులు వచ్చే అవకాశం ఎక్కువ. రేపు గర్భం దాల్చే ముందు ఎలాగూ ఆ టెస్టు కావాలి. దానితోపాటు మూత్రంలో ప్రొటీన్ పోతోందా అన్నది, కాలేయం టెస్టు, మళ్లీ ఒకసారి పరగడుపున లిపిడ్ ప్రొఫైల్. ఈ మధ్య కీటో లాంటి డైట్ ఏదైనా చేశారా, జుట్టుకో మొటిమలకో ఏవైనా గోలీలు వాడారా, అవి కూడా డాక్టర్‌కి చెప్పండి, కొన్ని ఎల్‌డీఎల్‌ని పెంచుతాయి. డబ్బు ఇబ్బందైతే మీ దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి, అక్కడ తీసిన రక్తాన్ని తెలంగాణ డయాగ్నొస్టిక్స్ ల్యాబుకు పంపి ఉచితంగా టెస్టులు చేయిస్తారు.

మీ రిపోర్టులో లెక్క తప్పేమీ లేదు, నేను వేసి చూశాను. చాలా ల్యాబులు ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలవకుండా లెక్క కడతాయి: మొత్తం కొలెస్ట్రాల్ 287 లోంచి హెచ్‌డీఎల్ 46 తీసేసి, ట్రైగ్లిజరైడ్లు 145లో ఐదో వంతు 29 తీసేస్తే 212. ట్రైగ్లిజరైడ్లు 400 దాటినప్పుడే ఈ లెక్క నమ్మలేం, మీవి చాలా కింద ఉన్నాయి.

రెండోసారి కూడా 190 పైనే వచ్చి, టీఎస్‌హెచ్ మామూలుగా ఉంటే ఇక మందు అవసరమా అన్న ప్రశ్న దాదాపు తీరిపోయినట్టే. 20 ఏళ్లు దాటినవాళ్లకి 190 పైన ఎల్‌డీఎల్ ఉంటే పదేళ్ల రిస్కు లెక్కలేవీ వేయకుండానే స్టాటిన్ ఇవ్వాలని అమెరికా గుండె వైద్యుల 2018 మార్గదర్శకాలు చెప్పాయి. అప్పుడు మిగిలేది ఎప్పుడు మొదలుపెట్టాలి అన్న ప్రశ్న ఒక్కటే. అలా కాకుండా రెండోసారి 150 దగ్గరికి దిగితే కథ వేరు, అప్పుడు మూడు నుంచి ఆరు నెలలు తిండి మార్చి చూడడం తప్పేమీ కాదు. 160, 190 మధ్యలో వస్తే మీ ఇంటి చరిత్రను బట్టి మందు వైపే మొగ్గాల్సి ఉంటుంది, కానీ తొందర తక్కువ.

ఇది వంశంలో నడుస్తున్నదేనా అన్నది తేలడానికి ఖరీదైన టెస్టులకంటే ముందు మీ ఇంటి బీరువా తెరవాలి. అమ్మకు స్టెంట్ వేసినప్పటి ఫైల్ తీయండి. ఆస్పత్రిలో చేరిన రోజు చేసిన లిపిడ్ ప్రొఫైల్ అందులో ఉండొచ్చు, అప్పటికి ఆమె స్టాటిన్ వాడడం మొదలుపెట్టి ఉండకపోతే ఆ ఎల్‌డీఎల్ అంకె మనకు బంగారం లాంటిది. ఇప్పుడు చేయిస్తే పనికిరాదు, మందు మీద ఉంటే 90 వచ్చినా అది మందు పుణ్యమే. ఇంకో విషయం, స్టెంట్ తర్వాత రాసిన గోలీలు అమ్మ ఇంకా వేసుకుంటోందా అన్నది కూడా ఆ పూటే చూడండి. "ఇప్పుడు బాగానే ఉంది" అని మీరు రాసిన మాట చదివినప్పుడు నాకు ఆ అనుమానం వచ్చింది, మన దగ్గర చాలామంది ఏడాదికల్లా మానేస్తారు.

తర్వాత మడమలు. కాలి వెనక మడమకు పైన తాడులా గట్టిగా తగిలే స్నాయువు ఉంటుంది కదా, దాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని పాదాన్ని పైకీ కిందికీ ఆడించమనండి. మామూలుగా అయితే సన్నగా, నున్నగా జారుతుంది. ఎఫ్‌హెచ్ ఉన్న కొందరిలో అది లావెక్కి, గడ్డలు గడ్డలుగా తగులుతుంది, ఆ గడ్డలు స్నాయువుతోపాటే కదులుతాయి. చేతి వేళ్ల కణుపుల మీద కూడా అలాంటివి రావచ్చు. కంట్లో నల్లగుడ్డు చుట్టూ తెల్లని వలయం 45 ఏళ్లలోపు వాళ్లకి కనపడితే అదీ గుర్తే, అరవై దాటినవాళ్లకి కనపడితే పెద్దగా అర్థం లేదు. మీకూ, మీ అమ్మకూ, తమ్ముడో చెల్లో ఉంటే వాళ్లకూ చూడండి. పెద్ద మామయ్యకు మడమల దగ్గర అలా ఏమైనా ఉండేదా అని అత్తను అడగండి, ఇలాంటివి ఇంట్లో ఆడవాళ్లకు బాగా గుర్తుంటాయి. ఏ గుర్తులూ లేకపోయినా ఎఫ్‌హెచ్ లేదని కాదు, మీ వయసులో చాలామందికి ఏమీ కనపడదు.

డాక్టర్లు దీనికి డచ్ స్కోరు అని ఒక పాయింట్ల పట్టిక వాడతారు. మీ 212కి 3 పాయింట్లు, అమ్మకు 60 లోపు గుండె జబ్బు వచ్చింది కాబట్టి 1, మొత్తం 4. మేనమామ ఆ లెక్కలోకి రారు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలే వస్తారు. 3 నుంచి 5 వస్తే "ఉండొచ్చు" అని, 6 నుంచి 8 వస్తే "చాలావరకు ఉన్నట్టే" అని, 8 దాటితే ఖాయమని అర్థం. మీరు ఇప్పుడు "ఉండొచ్చు" దగ్గర ఉన్నారు. మీ మడమ మీద గడ్డ తగిలితే ఒక్క దానికే 6 పాయింట్లు, అప్పుడు ఖాయం కిందకి వెళ్తుంది. ఈ స్కోరు ఎందుకు చెబుతున్నానంటే, మీకున్నది ఎఫ్‌హెచ్ అవునా కాదా అన్నది మీ గోలీతో ఆగిపోయే విషయం కాదు, అది మీ పెళ్లిదాకా వస్తుంది.

మీరు ఉత్తరంలో అడగని ప్రశ్న ఇది, కానీ నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపిస్తోంది. మీకు ఎఫ్‌హెచ్ ఉంటే అది అమ్మ వైపు నుంచి వచ్చి ఉండాలి. అమ్మకు అమ్మమ్మ నుంచో తాతయ్య నుంచో వచ్చి ఉంటుంది, పెద్ద మామయ్యకూ అదే వచ్చి ఉండొచ్చు. చిన్న మామయ్యకు వచ్చి ఉండే అవకాశం సగం, ఆయనకు ఉంటే బావకు వచ్చి ఉండే అవకాశం మళ్లీ సగం. అంటే ఏ రిపోర్టూ చూడకుండా చెప్పాలంటే మీ బావకు నాలుగింట ఒక వంతు అవకాశం ఉంది. బావకు లేకపోతే మీ పిల్లల్లో ఒక్కొక్కరికీ మీలాంటిది రావడానికి సగం అవకాశం, అది చిన్నప్పుడే కనిపెట్టి చూసుకుంటే మామూలుగా బతికే విషయమే. ఇద్దరికీ ఉంటే మాత్రం పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు రెండు జన్యువులూ పాడైనవే వచ్చే అవకాశం ఉంటుంది. అలాంటి పిల్లలకు ఎల్‌డీఎల్ 400, 500 పైన నడుస్తుంది, మోకాళ్ల మీద, మోచేతుల మీద పసుపు గడ్డలు పసితనంలోనే వస్తాయి, వైద్యం లేకపోతే ఇరవై ఏళ్లలోపే గుండె జబ్బు వస్తుంది. వాళ్లకు మామూలు గోలీలు చాలవు, మెషీన్ మీద రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని వడగట్టే వైద్యం దాకా వెళ్లాల్సి వస్తుంది. బయటి సంబంధాల్లో ఇది లక్షల్లో ఒక్కరికి జరిగేది, మేనరికంలో, అదీ ఇలాంటి చరిత్ర ఉన్న ఇంట్లో, ఆ అవకాశం చాలా పెరుగుతుంది.

భయపెట్టడానికి రాయడం లేదు, దీన్ని తేల్చేది ఒక్క లిపిడ్ ప్రొఫైల్, కొన్ని వందల రూపాయల పని. బావ ఎల్‌డీఎల్ 100, 120 వస్తే ఆయనకు ఎఫ్‌హెచ్ లేదని దాదాపు ధైర్యంగా ఉండొచ్చు. 190 దాటితే ఉన్నట్టే అనుకుని ముందుకు నడవాలి. మధ్యలో వస్తే ముందు మీకు జన్యు పరీక్ష చేసి, మీలో ఏ మార్పు దొరికిందో అదే ఆయనలో ఉందా అని వెతుకుతారు. హైదరాబాద్‌లో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఇద్దరూ కలిసి వెళ్లి మాట్లాడొచ్చు. ఇద్దరికీ ఉందని తేలితే పెళ్లి మానుకోమని నేను చెప్పను, అది మీరిద్దరూ తేల్చుకోవాల్సిన విషయం. మార్పు ఏదో ముందే తెలిసి ఉంటే గర్భంలో ఉండగానే బిడ్డకు పరీక్ష చేయించుకునే వీలుంటుంది, పిల్లల్ని దత్తత తీసుకోవాలనుకునేవాళ్లూ ఉంటారు. కానీ ఆ మాట మాఘమాసానికి ముందు మాట్లాడుకోవడానికీ, ఒక బిడ్డ పుట్టాక తెలుసుకోవడానికీ చాలా తేడా ఉంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. రెండో రిపోర్టు కూడా 190 పైనే వచ్చిందనుకుని చెబుతున్నాను. మీ నిర్ణయం మీద అన్నిటికంటే బరువున్నది ఒకే ఒక్క ప్రశ్న: మొదటి బిడ్డ ఎప్పుడు కావాలి?

పెళ్లయ్యాక ఏడాదో, ఆపైనో ఆగుదామనుకుంటే ఇప్పుడే మొదలుపెట్టడం మంచిది. రోసువాస్టాటిన్ 10తో ఎల్‌డీఎల్ సుమారు 45 శాతం, 20తో 50 శాతానికి కొంచెం పైన దిగుతుంది. మీ 212 పదితో 115 చుట్టూ, ఇరవైతో 100 చుట్టూ వస్తుందన్నమాట. డోసు రెట్టింపు చేసినా మహా అయితే మరో ఆరు శాతమే దిగుతుంది. ఈ మందు ఆసియావాళ్ల రక్తంలో ఎక్కువ మోతాదులో నిలుస్తుందని తెలిసిన విషయమే, మీరు 51 కిలోలే ఉన్నారు కాబట్టి 10తో మొదలుపెట్టి చూడొచ్చా అని మీ ఫిజీషియన్‌ని అడగండి, ఆయన కాదంటే కారణం చెప్పమనండి. ఆరు నుంచి ఎనిమిది వారాలకు లిపిడ్, కాలేయం టెస్టులు మళ్లీ చేయించాలి. చాలినంత దిగకపోతే ఎజెటిమైబ్ అనే ఇంకో గోలీ కలుపుతారు. ఈ దారిలో ఒక షరతు ఉంది: మందు వాడినన్నాళ్లూ గర్భం రాకుండా నమ్మకమైన పద్ధతి ఒకటి పాటించాలి, బిడ్డ కావాలనుకున్నప్పుడు ఒకటి నుంచి మూడు నెలల ముందు స్టాటిన్ ఆపేయాలి. మూడు నెలలని పెట్టుకోండి, లెక్క తేలికగా ఉంటుంది. తర్వాత గర్భం, పాలిచ్చే కాలం అయిపోయేదాకా మళ్లీ వేసుకోకూడదు.

పెళ్లవగానే పిల్లలు కావాలని ఇద్దరూ అనుకుంటే ఇప్పుడు మొదలుపెట్టి మూడు నెలలకే ఆపేయడంలో పెద్ద లాభం లేదు. అప్పుడు గర్భానికి ముందు ఒకసారి కార్డియాలజిస్టును కలిసి ఎకో చేయించుకోండి, మధ్యలో అవసరమైతే కొలెస్టిరమిన్ అనే పొడి ఇస్తారు, అది పేగు దాటి రక్తంలోకి వెళ్లదు కాబట్టి గర్భిణులకు కూడా ఇవ్వగలిగిన మందు. గర్భంలో ఎల్‌డీఎల్ అందరికీ సహజంగానే పెరుగుతుంది, ఆ నెలల్లో టెస్టు చేయించుకుని టెన్షన్ పడొద్దు. పాలు మాన్పించిన నెలలోనే స్టాటిన్ మొదలవ్వాలి. ఇలా ఒక బిడ్డకు రెండేళ్లు పోతాయి, ఏ లక్షణాలూ లేని 26 ఏళ్ల మనిషికి ఆ రెండేళ్లు భరించగలిగినవే.

అమ్మ చెబుతున్న మూడో దారి, ఇద్దరు పిల్లలూ అయ్యాక చూసుకుందామన్నది, వినడానికి రెండో దారిలాగే ఉంటుంది కానీ లెక్క వేస్తే అలా ఉండదు. మొదటి కాన్పు 28కి, రెండోది 31కి, పాలు మాన్పేసరికి 32, ఆ తర్వాత ఆపరేషన్, పిల్లల బడి, మీ ఉద్యోగం, అలా నిజంగా గోలీ మొదలయ్యేసరికి 35 అవుతుంది. రక్తనాళం గోడకు తగిలే దెబ్బ ఎల్‌డీఎల్ ఎంత అన్నదానితోపాటు ఎన్నేళ్లు అన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. ఒక మోటు లెక్క చెబుతాను: మీకు పుట్టినప్పటి నుంచీ 200 నడిచి ఉంటే 26 ఏళ్లకు 5,200 అయింది, 100 నడిచే మనిషికి ఆ అంకె 52 ఏళ్లకు వస్తుంది. ఎఫ్‌హెచ్ ఉండి వైద్యం లేని మగవాళ్లలో దాదాపు సగం మందికి 50 లోపు, ఆడవాళ్లలో సుమారు 30 శాతం మందికి 60 లోపు గుండె జబ్బు వస్తుంది. పెద్ద మామయ్య 43, అమ్మ 51, ఆ లెక్కలోనే ఉన్నారు. అందుకే మూడో దారి ఎంచుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. కనీసం ఇద్దరు పిల్లల మధ్య ఉండే ఖాళీలోనైనా మందు వాడాలి. మొదటి రెండింట్లో ఏదైనా సరే, నన్నడిగితే మీరిద్దరూ ఏడాది ఆగగలిగితే మొదటిదే మేలు, ఎందుకంటే మీ ఒంటికి ఏ డోసు సరిపోతుందో ముందే తెలిసిపోతుంది, కాన్పు తర్వాత మళ్లీ మొదలుపెట్టడం తేలికవుతుంది.

గోలీలు వాడితే రేపు పిల్లలు పుట్టరేమో అన్న అనుమానం ఇంట్లో ఎవరికైనా ఉంటే, స్టాటిన్ వల్ల గర్భం రాకుండా పోదు, ఆపేశాక కొన్ని రోజుల్లోనే ఒంట్లోంచి వెళ్లిపోతుంది. చూసుకోకుండా మందు వాడుతుండగా నెల తప్పితే గోలీ ఆపేసి గైనకాలజిస్టుకు చెప్పండి, అంతే. దాని కోసం గర్భం తీయించుకోవాల్సిన పని లేదు. పొరపాటున మొదటి వారాల్లో వేసుకున్నవాళ్ల పిల్లల్లో లోపాలు పెరిగినట్టు పెద్ద పరిశీలనల్లో కనపడలేదు, అమెరికా మందుల నియంత్రణ సంస్థ కూడా 2021లో గర్భిణులకు పూర్తి నిషేధం అన్న హెచ్చరికను తీసేయమంది. మామూలుగా ఆపేయమనే చెబుతుంది, కానీ వేసుకున్నంత మాత్రాన భయపడేది లేదు.

కండరాల నొప్పుల గురించి మీరు త్వరలోనే వింటారు, ఫోన్‌లో చూసినా అదే కనపడుతుంది. కొందరికి నిజంగా వస్తాయి, రెండు తొడల్లో, రెండు భుజాల్లో ఒకేలా, మొదలుపెట్టిన కొన్ని వారాల్లో. అయితే నొప్పుల వల్ల స్టాటిన్ మానేసినవాళ్లకే కొన్ని నెలలు అసలు గోలీ, కొన్ని నెలలు మందు లేని ఉత్త గోలీ ఇచ్చి చూసిన పరీక్షలో, అసలు గోలీతో చెప్పిన బాధల్లో 90 శాతం ఉత్త గోలీతోనూ చెప్పారు. మీది ఫ్లోరైడ్ నీళ్ల ప్రాంతం, కీళ్ల నొప్పులు ఇంటింటా ఉంటాయి, అందుకని మొదలుపెట్టే ముందే ఇప్పుడు ఎక్కడెక్కడ నొప్పులున్నాయో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, తర్వాత కొత్తదేదో పాతదేదో తెలుస్తుంది. మూత్రం ముదురు రంగులోకి మారి కండరాలు బాగా నీరసిస్తే మాత్రం గోలీ ఆపి అదే రోజు డాక్టర్ దగ్గరకు వెళ్లాలి, అది చాలా అరుదు.

తిండి విషయం ఎక్కువ సాగదీయను. గోలీ ఉన్నా లేకపోయినా మీ ఇంట్లో వాడే నూనె ప్యాకెట్ తిప్పి చూడండి, పామాయిల్ అయితే మార్చండి, అందులో దాదాపు సగం గడ్డకట్టే రకం కొవ్వే, మిర్చి బండి దగ్గరా, చాలా హోటళ్లలోనూ అదే. నెయ్యి, తలకాయ కూర, బోటి నెలకోసారికి తగ్గించండి. జొన్న రొట్టె, పప్పు, ఆకుకూరలు మీ ఇంట్లో ఎలాగూ ఉండేవే. ఇదంతా పది పదిహేను శాతం పని చేస్తుందని ముందే చెప్పాను, ఆ పది పదిహేను కూడా వదులుకోవద్దు.

ఇక అత్తయ్య వాళ్లకు తెలియకూడదన్న మాట. అమ్మ భయం నాకు అర్థమైంది, పెళ్లికి ముందు ఆడపిల్ల చేతిలో గోలీ కనపడితే ఊళ్లో ఏమంటారో ఆమెకు తెలుసు. కానీ ఇది వేరే ఇంటి జబ్బు కాదు, వాళ్ల ఇంటిదే, అమ్మ పుట్టింటిదే. ముందుగా బావతో మీరే మాట్లాడండి, "నాకు కొలెస్ట్రాల్ ఎక్కువ వచ్చింది, మన ఇంట్లో నడుస్తున్నదేమో అంటున్నారు, నువ్వూ మామయ్యా ఒకసారి రక్తం ఇవ్వండి" అంటే చాలు, మిగతాది రిపోర్టు వచ్చాక.

అమ్మకు చెప్పాల్సింది ఇంకొకటుంది, బహుశా ఆమె ఇంకా అలా ఆలోచించి ఉండదు. ఈ మొత్తం ఇంట్లో ఇవాళ అన్నిటికంటే ప్రమాదంలో ఉండగలిగింది మీరు కాదు, చిన్న మామయ్య. అన్న 43కి పోయారు, అక్కకు 51కి స్టెంట్, ఆయన మగమనిషి, ఆయన వయసు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. మీ దగ్గర ఆలోచించుకోవడానికి వారాలూ నెలలూ ఉన్నాయి, ఎల్‌డీఎల్ ఎక్కువున్న ఆ వయసు మనిషికి ఉండకపోవచ్చు. ఈ విషయం దాస్తే నష్టపోయేది అమ్మ తమ్ముడే. ఆయన లిపిడ్ ప్రొఫైల్, షుగర్, బీపీ ఈ వారంలోనే చూపించండి, చుట్టో సిగరెట్టో తాగుతారా, పొలంలో నడిచేటప్పుడు గాని మెట్లెక్కేటప్పుడు గాని ఛాతీ పట్టేసినట్టు ఉంటుందా అని అడగండి. ఛాతీ పట్టేస్తోందని ఒక్క మాటన్నా రిపోర్టు కోసం ఆగకుండా అదే రోజు కార్డియాలజిస్టు దగ్గరకు తీసుకెళ్లండి. ఎల్‌డీఎల్ 190 దాటితే ఏ బాధా లేకపోయినా అదే వారంలో చూపించాలి. పెళ్లి పనులన్నీ ఆయన నెత్తి మీదే ఉండి ఉంటాయి, అవి అయ్యాక చూద్దామంటారు, మీరు ఆగొద్దు.